33/11 కేవీ Dyn11 ట్రాన్స్‌ఫార్మర్‌కి Z0 ఎంత తీసుకోవాలి?

5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్, ఇంపెడెన్స్ 7.15 శాతం, 11 కేవీ న్యూట్రల్ నేరుగా ఎర్త్ చేసి ఉంది. 33 కేవీ వైపు ఫాల్ట్ లెవెల్ 250 ఎంవీఏ. రెసిస్టెన్స్ వదిలేశాను.

11 కేవీ బస్ దగ్గర ఒక ఫేజ్ భూమికి తగిలిందనుకుందాం. మిగతా రెండు ఫేజుల్లో ఫాల్ట్ కరెంట్ లేదు కాబట్టి I1 = I2 = I0 = Ia/3; అంటే మూడు సీక్వెన్స్ నెట్‌వర్క్‌లు సిరీస్‌లో కలుస్తాయి. ఈ పద్ధతి వాడేదే ఇందుకు: సిస్టమ్ అంతా సమతుల్యంగా ఉంటే మూడూ దేనికది విడిగా ఉంటాయి, ఫాల్ట్ ఉన్న ఒక్క బిందువు దగ్గరే కలుస్తాయి.

Z1 = Z2 = 0.02 + 0.0715 = 0.0915. జీరో సీక్వెన్స్ కరెంట్ డెల్టాలోనే తిరుగుతుంది, 33 కేవీ లైన్‌లోకి రాదు. అందుకే Z0లో సోర్స్ లేదు, 0.0715 మాత్రమే. బేస్ కరెంట్ 262.4 ఆంపియర్లు.

```
Ia  = 3/(0.0915+0.0915+0.0715) = 11.79 pu = 3093 A
I3ph = 1/0.0915 = 10.93 pu = 2868 A
```

ఎర్త్ ఫాల్ట్ కరెంటే ఎక్కువ వచ్చింది, అందులో వింతేమీ లేదు.

నా సందేహం Z0 గురించే. మూడు లింబుల కోర్‌లో జీరో సీక్వెన్స్ ఫ్లక్స్‌కి తిరుగుదారి ట్యాంక్ గుండానే కాబట్టి అసలు Z0 కాస్త తక్కువుంటుంది. 0.9 రెట్లు తీసుకుంటే 3182 ఆంపియర్లు వస్తోంది. రిలే సెట్టింగ్‌కి ఈ అంచనా చాలా, లేక 11 కేవీ టెర్మినల్స్ మూడూ కలిపి, న్యూట్రల్‌కి మధ్య వోల్టేజ్ ఇచ్చి Z0 = 3V/I కొలిచిన టెస్ట్ రిపోర్ట్ అడగాల్సిందేనా? మీరు కొలిచిన ట్రాన్స్‌ఫార్మర్లలో Z0/Z1 ఎంత వచ్చిందో చెప్పగలరా?