ధాన్యంలో తగ్గే లైసిన్‌ను పప్పు ఏ పూటైనా పూడ్చగలదా?

సరళ_ఎమ్
మా అమ్మగారికి డెబ్బై దాటాయి, బరువు 50 కిలోలు. పాలు పడవు, గుడ్డు, మాంసం తినరు. పొద్దున గోధుమ రొట్టె, మధ్యాహ్నం అన్నం పప్పు, రాత్రి మళ్ళీ రొట్టె, కూర. ఈ మధ్య చేతుల్లో పట్టు తగ్గిందని చూపిస్తే, పోషకాహార నిపుణురాలు తిండి వివరాలన్నీ రాసుకుని ‘ప్రోటీన్‌ను కట్టే అమైనో ఆమ్లాల్లో ఒకటైన లైసిన్ తక్కువ పడుతోంది, పప్పులు పెంచండి’ అన్నారు. పప్పు ఒక్క మధ్యాహ్నమే తింటే పొద్దున, రాత్రి తిన్న రొట్టెలోని ప్రోటీన్ వృథా అయినట్టేనా? మూడు పూటలా పప్పు పెట్టాలా?

నిత్య_వ్యాయామం
ఒకే కంచంలో కలవాల్సిందే అండి. శరీరం ప్రోటీన్ కట్టేటప్పుడు ఒక్క అమైనో ఆమ్లం అందకపోయినా పని అక్కడే ఆగుతుంది. రొట్టె ఒక్కటే తిన్న పూట లైసిన్ దొరకదు కాబట్టి మిగతావన్నీ కాలిపోతాయి. నేను ప్రతి పూటా పప్పు కలిపే తింటాను.

క్షీరనీరం
పోషకాహారం పాఠం చెప్పడం నా ఉద్యోగం, అందుకని కాస్త వివరంగా రాస్తాను.

నిత్య_వ్యాయామం గారు చెప్పినదాంట్లో కణం లోపల జరిగేదాని వరకు నిజమే. లైసిన్ అందకపోతే ఆ ప్రోటీన్ గొలుసు ముందుకు సాగదు. కానీ కణానికి లైసిన్ ఇప్పుడే తిన్న ముద్ద నుంచే రావాలని లేదు. కండరాల్లో విడి లైసిన్ కొంత ఎప్పుడూ నిలవ ఉంటుంది. పేగు గోడ నుంచి రాలే కణాలు, జీర్ణరసాల్లోని ఎంజైములు కూడా అరిగి తిరిగి రక్తంలో కలుస్తాయి. పొద్దున రొట్టెకు తగ్గిన లైసిన్‌ను ఈ నిలవ సర్దుతుంది, మధ్యాహ్నం పప్పు ఆ నిలవను మళ్ళీ నింపుతుంది. 1994లో వెర్నన్ యంగ్, పీటర్ పెల్లెట్ శాకాహార ప్రోటీన్ల మీద రాసిన సమీక్షలో పెద్దవాళ్ళకు ప్రతి పూటా కలపనక్కర్లేదు, రోజు మొత్తానికి సరిపోతే చాలన్నారు. అలాగని ఈ నిలవ పెద్దదేమీ కాదు. వారమంతా ధాన్యమే తిని ఆదివారం గిన్నెడు పప్పు తింటే లెక్క కుదరదు.

కాబట్టి సరళ గారూ, ఏ పూట అన్నదానికంటే ముందు ఎంత అన్నది చూడాలి. అమ్మగారు రోజుకు తినే బియ్యం, పిండి, పప్పు వండకముందు తూకంలో ఎంతెంతో చెప్పగలరా? పప్పు గిన్నెల లెక్కలో వద్దు. అందులో నీళ్ళెన్నో ఎవరికీ తెలియదు.

వేసవి_గాలి
లైసిన్ మాత్రలు నేను వాడాను, పెదవుల మీద పుండ్లు మాటిమాటికీ వస్తుంటే. మీ అమ్మగారికి కూడా మాత్రలే తేలిక కదా?

క్షీరనీరం
అది వేరే సంగతి అండి. ఇక్కడ ప్రశ్న రోజువారీ తిండి గురించి. ఈవిడ తిండిలో లైసిన్‌తో పాటు మొత్తం ప్రోటీన్ కూడా తక్కువగానే ఉన్నట్టుంది. మాత్ర ఆ రెండోదాన్ని పూడ్చదు, పప్పు రెండింటినీ పూడుస్తుంది.

సరళ_ఎమ్
ఇవాళ తూచాను. బియ్యం 120 గ్రాములు, గోధుమ పిండి రెండు పూటలకూ కలిపి 120. పప్పు చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. ఇంటిల్లిపాదికీ వండినదాంట్లో ఆవిడ వాటాకు ఎండు పప్పు 20 గ్రాములే వస్తోంది. ఆవిడకు పలచగా ఉంటేనే మింగుడు పడుతుంది.

క్షీరనీరం
అసలు చిక్కు అక్కడే ఉంది. కలిపి చూద్దాం, అంకెలన్నీ సుమారువే.

ఐక్యరాజ్యసమితి సంస్థలు 2007లో ఇచ్చిన నివేదిక ప్రకారం పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 30 మిల్లీగ్రాముల లైసిన్ కావాలి. 1985లో ఇదే అంకె 12 అన్నారు, అందుకే పాత పుస్తకాలు చూస్తే ధాన్యం ఒక్కటే చాలనిపిస్తుంది. అమ్మగారి బరువుకు 1500 మిల్లీగ్రాములు.

120 గ్రాముల బియ్యంలో 300 వస్తుంది, గోధుమ పిండిలో 390, పప్పులో 335. మొత్తం వెయ్యి పైచిలుకు. అందులో అరిగి ఒంటికి పట్టేది ఎనభై శాతం అనుకుంటే 820. కావలసినదాంట్లో సగం దాటి కాస్త.

ధాన్యం ఇలాగే ఉంచి పప్పు ఒక్కటే పెంచితే రోజుకు 70 గ్రాముల ఎండు పప్పు దాకా పోవాలి. కొద్దిగా తినే మనిషికి అది బరువు. కలపడం కంటే మార్చడం నయం. 120 గోధుమ పిండిలో 40 తీసేసి, దాని బదులు 40 గ్రాముల శనగపిండి కలపండి. పప్పు 20 నుంచి 40కి పెంచండి. ఇప్పుడు బియ్యం నుంచి 300, గోధుమ 80 గ్రాముల నుంచి 260, శనగపిండి నుంచి 590, పప్పు నుంచి 670. మొత్తం 1820, పట్టేది దాదాపు 1460. ఆవిడ అదనంగా తినాల్సింది 20 గ్రాముల పప్పు మాత్రమే.

ఒక మాట దాచకూడదు. ఇలా చేసినా ఈ నాలుగింటి ప్రోటీన్ 36 గ్రాములే. అదే నివేదిక కిలోకు 0.83 గ్రాములు అంటుంది, అంటే ఆవిడకు 41 పైన. కూరల నుంచి కొంత వస్తుంది, అయినా అంచున ఉంటారు. పెంచే ముందు మూత్రపిండాల పరీక్ష ఉంటే డాక్టరుకు చూపించండి. అక్కడ ఇబ్బంది ఉన్నవాళ్ళకు ఈ లెక్క పనికిరాదు.

తోటమాలి77
శనగపిండి కంటే నువ్వులు, వేరుశనగలు మేలు కదా? ప్రోటీన్ ఉంటుంది, కొద్ది తిన్నా బలం. మా నాన్నగారికి అవే పెడుతున్నాం.

క్షీరనీరం
బలానికి మంచివే, నాన్నగారికి మానిపించకండి. కానీ ఈ లోటు వాటితో తీరదు. గ్రాము ప్రోటీన్‌కు వేరుశనగలో లైసిన్ బియ్యంలో ఉన్నంతే, నువ్వుల్లో ఇంకా తక్కువ, గోధుమ దరిదాపుల్లో. పప్పుల్లో దాదాపు 70 మిల్లీగ్రాములు. నువ్వుల గొప్ప మెతియొనిన్ అనే మరో అమైనో ఆమ్లంలో ఉంది, అది పప్పుల్లో తక్కువ. పప్పు బాగా తిని ధాన్యం మానేసినవాళ్ళకు నువ్వులు అక్కరకొస్తాయి.

విత్తనశాస్త్రం_చదువుతున్నా
ఒక సందేహం. గోధుమలో ప్రోటీన్ బియ్యం కంటే ఎక్కువ కదా, మరి పప్పు అవసరం గోధుమకే తక్కువ ఉండాలి. నేను లెక్కేస్తే తిరగబడింది. ప్రోటీన్ గ్రాముకు 45 మిల్లీగ్రాముల లైసిన్ లక్ష్యంగా పెట్టుకుంటే, బియ్యానికి పదో వంతు పప్పు చాలు. గోధుమకు మూడో వంతు కంటే ఎక్కువే కావాలి!

కారణం మాత్రం మా పాఠంలోనే దొరికింది. గోధుమ గింజ నత్రజనిని చాలావరకు గ్లయడిన్ లాంటి ప్రోటీన్ల రూపంలో దాచుకుంటుంది, వాటిలో లైసిన్ దాదాపు ఉండదు. మొక్కజొన్నలో ఉండే జీన్ అనే ప్రోటీన్ కూడా అంతే. బియ్యం ఎక్కువగా దాచేది గ్లుటెలిన్, అందులో లైసిన్ మెరుగు. 1914లో ఆస్బోర్న్, మెండెల్ అనే పోషకాహార శాస్త్రవేత్తలు ఎలుకలకు ప్రోటీన్‌గా గ్లయడిన్ ఒక్కటే పెడితే అవి బతికాయి కానీ పెరగలేదు. లైసిన్ కలపగానే పెరగడం మొదలుపెట్టాయి. గింజలో మొలక, పైపొర భాగాల్లో లైసిన్ బాగుంటుంది, తెల్లగా మర పట్టిస్తే పోయేది అవే.

క్షీరనీరం
మీ లెక్క సరైనదే. కాకపోతే పదో వంతు అన్నది నాణ్యత వరకే. 330 గ్రాముల బియ్యానికి 33 గ్రాముల పప్పు కలిపితే లైసిన్ వాటా సరిపోతుంది కానీ మొత్తం ప్రోటీన్ 31 గ్రాములే. నిష్పత్తి కుదిరినా పరిమాణం చాలదు. నిష్పత్తి చూసి తృప్తిపడేవాళ్ళు జారేది ఇక్కడే.

పొయ్యి_దగ్గర
బేకరీలో చాలాకాలంగా పనిచేస్తున్నాను, ఒకటి కలుపుతాను. సరళ గారూ, పొద్దున రొట్టె మెత్తగా ఉంటుందా, రస్కులాగా రెండుసార్లు కాల్చిందా? పైభాగం ఎర్రబడి మంచి వాసన వచ్చేది చక్కెరకూ ప్రోటీన్‌కూ జరిగే చర్య వల్లే, అందులో ముందుగా చిక్కుకునేది లైసిన్. అలా చిక్కినది ఒంటికి పట్టదు. ప్యాకెట్ మీద ప్రోటీన్ అంకె మాత్రం తగ్గదు, ఎందుకంటే ఆ అంకె నత్రజనిని కొలిచి వేసేది, నత్రజని ఎక్కడికీ పోదు. అందుకే రంగు చూసుకోవాలి. శనగపిండిని కూడా ముదురు ఎరుపు దాకా వేయించొద్దు. పప్పును నీళ్ళలో ఉడికిస్తే పెద్దగా నష్టం లేదు.

సరళ_ఎమ్
రస్కులేనండి, టీలో ముంచుకుని తింటారు! పోనీ, పొద్దున మెత్తటి రొట్టెకు మారుస్తాను. రాత్రి పిండిలో శనగపిండి కలపడం ఆవిడకు తెలియకుండానే అయిపోతుంది. పప్పు చిక్కబరిస్తే కడుపుబ్బరం అంటారేమోనని భయం.

పొయ్యి_దగ్గర
రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోయండి, మెత్తగా ఉడకనివ్వండి. ఒక్కసారిగా 40కి పోకండి, 25, 30 అని కొన్ని రోజులు ఆగుతూ పెంచండి.

నిత్య_వ్యాయామం
క్షీరనీరం గారూ, రోజు మొత్తం లెక్క ఒప్పుకుంటాను. కానీ వయసు మళ్ళినవాళ్ళ కండరం చిన్న మోతాదు ప్రోటీన్‌కు సరిగ్గా స్పందించదని, ఒక పూటైనా గట్టిగా పడాలని అంటారు. అప్పుడు పూట లెక్క మళ్ళీ వచ్చినట్టే కదా?

క్షీరనీరం
వచ్చినట్టే, అయితే అది లైసిన్ గురించి కాదు, పూటకు పడే మొత్తం ప్రోటీన్, అందులోని లూసిన్ అనే అమైనో ఆమ్లం గురించి. ఆ వాదన మీద పరిశోధకుల్లోనే ఏకాభిప్రాయం లేదు. మూడు పూటలకూ సమంగా పంచాలనేవాళ్ళూ ఉన్నారు, ఒక పూట ఎక్కువ ఉండాలనేవాళ్ళూ ఉన్నారు. సరళ గారి ఇంట్లో అయితే నేను మధ్యాహ్నం పప్పు మొత్తం ఒకే పూట పెట్టి, శనగపిండిని రాత్రికి ఉంచుతాను. ఆవిడకు ఆకలి బాగా ఉండేది మధ్యాహ్నమే అయితేనే సుమా.

సరళ_ఎమ్
ఆకలి పొద్దునే ఎక్కువండి, మధ్యాహ్నానికి సగం వదిలేస్తారు. అయితే పప్పును పొద్దుటికి మార్చి చూస్తాను. పది గంటలకు రొట్టెతో తినేలా చిక్కటి పప్పు, ముందు 25 గ్రాములతో.