1050 దగ్గర గరిష్ఠ లాభం అంది గ్రాఫ్, ఖాతాలో కనిపిస్తోంది నష్టం

సుధీర్:
షేరు 1000 దగ్గర ఉన్నప్పుడు, గడువుకు 30 రోజులుండగా రేషియో స్ప్రెడ్ వేశాను. 1020 కాల్ ఒకటి 20 పాయింట్లకు కొని, 1050 కాల్స్ రెండు 11 చొప్పున అమ్మాను. ఎదురు 2 పాయింట్లు చేతికొచ్చాయి. షేరు పడిపోయినా ఆ 2 నావే. పెరిగి 1050 దగ్గర ఆగితే 32 వస్తాయని గ్రాఫ్ చూపించింది. ఐదు రోజుల్లోనే షేరు సరిగ్గా 1050కి వచ్చింది. ఖాతాలో మాత్రం 8 పాయింట్ల నష్టం! పైగా బ్రోకరు ఇంకా మార్జిన్ కట్టమంటున్నారు. అనుకున్న చోటికే ధర వస్తే నష్టం ఎలా వస్తుంది? సాఫ్ట్‌వేర్ లెక్క తప్పిందా?

కిరణ్:
లెక్క సరైనదే. మీరు చూసింది గడువు రోజు గ్రాఫ్, ఈరోజుది కాదు. కంగారు పడకండి. కొన్నది ఒకటి, అమ్మినవి రెండు కాబట్టి గడిచే ప్రతి రోజూ మీకే కలిసొస్తుంది. 1082 దాకా నష్టం లేదు. అక్కడ స్టాప్‌లాస్ పెట్టి నిశ్చింతగా ఉండండి.

విజయలక్ష్మి:
కిరణ్ గారి మొదటి మాట నిజం, చివరి మాటతోనే పేచీ. సుధీర్ గారూ, మీ తెరమీద ఇప్పుడు 1020 కాల్ 45 దగ్గర, 1050 కాల్ 27.5 దగ్గర ఉండాలి. రెండు అమ్మారు కాబట్టి 55 బాకీ, చేతిలో 45. తేడా 10. మొదట వచ్చిన 2 తీసేస్తే మీ 8.

ఆ 55 పూర్తిగా కాల విలువే. షేరు ఇదే చోట కదలకుండా మిగిలిన 25 రోజులూ కూర్చుంటే అది సున్నా అవుతుంది, మీ కాల్‌లో 30 మిగులుతుంది, గ్రాఫ్ చెప్పిన 32 వస్తుంది. కానీ షేరు కూర్చోవాలి కదా! మీరు వేసినప్పుడు షేరు ఒక పాయింటు పెరిగితే మీకు 0.11 పాయింటు పోయేది. పట్టించుకోనంత చిన్నది. ఇప్పుడు ఒక పాయింటుకు మూడో వంతు పోతోంది. ఇంకా పైకి వెళ్లేకొద్దీ అది ఒకటికి చేరుతుంది. అంటే మీ కాల్ ఒక కాల్‌కే అడ్డు నిలుస్తుంది, రెండోది ఏ రక్షణా లేకుండా అమ్మినట్టే. బ్రోకరు మార్జిన్ అడుగుతున్నది ఆ రెండోదాని కోసమే.

ఇక 1082 సంగతి. అది గడువు రోజు హద్దు. షేరు రేపే 1082కి వెళ్తే మీ నష్టం సుమారు 22 ఉంటుంది, సున్నా కాదు.

పద్మ:
నేను చాలాకాలంగా ఒకటికి రెండు ఇలాగే వేస్తున్నాను, ఎంత పెరిగినా పెద్ద నష్టం రాలేదు. మార్జిన్ కూడా ఇంతలా అడగలేదు. సుధీర్ గారు వేరే ఏదో పొరపాటు చేసి ఉంటారు.

విజయలక్ష్మి:
పద్మ గారూ, ఆ షేర్లు మీ ఖాతాలో ఉన్నాయా?

పద్మ:
ఉన్నాయండి. వాటి మీదే వేస్తాను.

విజయలక్ష్మి:
అయితే మీ రెండో కాల్‌కు షేర్లే అడ్డు. ధర ఎంత పెరిగినా వాటిని ఇచ్చేస్తే సరిపోతుంది. ఆపైన వచ్చే లాభం వదులుకుంటారు, అంతే. మీ భయం కింది వైపు, షేరు పడితే. సుధీర్ గారి దగ్గర షేర్లు లేవు. స్ప్రెడ్ ఒకటే, ప్రమాదాలు వేరు.

కిరణ్:
సరే, 1082 అనడం తొందరపాటే. కానీ స్టాప్‌లాస్ ఉన్నాక అంతులేని నష్టం అనడం అతిశయోక్తి కదా? 1065 దగ్గర పెట్టుకోవచ్చు.

విజయలక్ష్మి:
ధర 1065 గుండా నడిచి వెళ్తే పనిచేస్తుంది. మార్కెట్ మూసి ఉన్నప్పుడు ఎవరో కంపెనీని కొంటామని ప్రకటించారనుకోండి, మర్నాడు 1150 దగ్గర తెరుచుకుంది. మీ కాల్‌కు 130, వాళ్లకు మీరివ్వాల్సింది 200. మొదటి 2 కలిపినా కనీసం 68 పాయింట్ల నష్టం. స్టాప్‌లాస్ ఆ 1150 దగ్గరే అమలవుతుంది, 1065 అనే ధర ఆరోజు అసలు ఉండదు. ఇంత జరగదనుకునేవారికి ఫోక్స్‌వ్యాగన్ గుర్తుచేస్తాను. 2008 అక్టోబరు 24, శుక్రవారం, దాదాపు 210 యూరోల దగ్గర ముగిసింది. ఆదివారం పోర్షే తన వాటా ఎంత పెరిగిందో ప్రకటించింది. మంగళవారానికి షేరు వెయ్యి యూరోలు దాటింది. అలాంటివి అరుదు, ఒప్పుకుంటాను. కానీ మీకు దొరికే గరిష్ఠ లాభం 32 దగ్గర ఆగిపోతుంది, ఆ అరుదైన రోజు నష్టానికి మాత్రం గీత లేదు.

సుధీర్:
ఇప్పుడేం చేయమంటారు? మరో విషయం, గడువులోపే కంపెనీ ఫలితాలున్నాయి.

విజయలక్ష్మి:
అది ముందే చెప్పాల్సింది! ఫలితాలు దగ్గరపడితే ఆప్షన్ల అస్థిరత పెరుగుతుంది. ఇప్పుడున్న 25 శాతం 30కి చేరితే, షేరు కదలకపోయినా మీ నష్టం 8 నుంచి 14కు వెళ్తుంది. అమ్మినవి ఎక్కువ కాబట్టి అస్థిరత పెరుగుదల కూడా మీకు ఎదురే.

ఒక దారి, 8 నష్టంతో మొత్తం మూసేయడం. రెండోది, 1080 కాల్ ఒకటి కొనడం. దాని ధర ఇప్పుడు 15 ఉంటుంది. అప్పుడు పైకి ఎంత పోయినా, కిందకు ఎంత పడినా నష్టం 13 దగ్గర ఆగుతుంది, 1050 దగ్గర ముగిస్తే 17 లాభం. చవకగా కావాలంటే 1100 కాల్ 10కి వస్తుంది కానీ పైవైపు నష్టం 28 దాకా వెళ్లనిస్తుంది, కింద 8. మొదటిరోజే కొని ఉంటే 1080 కాల్ 5 పాయింట్లకే వచ్చేది, మొత్తం మీద మీ జేబులోంచి 3 మాత్రమే పోయేవి. ఎదురు డబ్బు రావాలన్న ముచ్చట దగ్గరే ఈ వ్యూహం చాలామందిని పట్టేస్తుంది.

నేనైతే మూసేస్తాను. పెరుగుతుందన్న మీ అంచనా ఐదు రోజుల్లోనే నిజమైంది, ఇక మిగిలింది "పెరగకూడదు" అన్న పందెం. అది మీరు మొదట వేసిన పందెం కాదు.

కిరణ్:
దీనితో మాత్రం ఏకీభవించను. 15 ఇచ్చి 1080 కాల్ కొంటే లాభం సగానికి సగం పోయింది, అలాంటప్పుడు రేషియో ఎందుకు? లాట్లు తగ్గించి, ఫలితాలకు ముందు బయటపడితే చాలు. అన్ని షేర్లూ ఫోక్స్‌వ్యాగన్‌లా ఉండవు.

విజయలక్ష్మి:
లాట్లు తగ్గించడం మంచి మాటే. నా కొలత ఇది: షేరు రాత్రికి రాత్రి 15 శాతం పెరిగిందని లెక్కవేసి, ఆ నష్టాన్ని భరించగలిగినన్ని లాట్లే వేయాలి. 15 సరైన అంకెనా అంటే వాదించవచ్చు, కొందరు 10 చాలంటారు.

సుధీర్:
1080 కాల్ 15.5కు దొరికింది, కొన్నాను. మార్జిన్ వెంటనే సగం దాకా తగ్గింది. కానీ గడువు వారంలో 1080 కాల్‌ను అమ్మేసి కొంత వెనక్కి తెచ్చుకోవచ్చా?

విజయలక్ష్మి:
అమ్మిన ఆ క్షణం నుంచీ రెండో 1050 కాల్ మళ్లీ ఒంటరిదవుతుంది. ముందు దాన్ని తిరిగి కొనండి, ఆ తర్వాత 1080 కాల్ అమ్మండి. ఆర్డర్లు ఈ వరుసలోనే వెళ్లాలి.