ప్రాణస్నేహితుడి ఎదుగుదల చూసి కుళ్లుకున్నానని వాడికే చెప్పడం ఎలా?

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నేనూ నా చిన్ననాటి స్నేహితుడూ పక్కపక్క చెరువుల్లో వనామి రొయ్యలు వేశాం. నా చెరువుకు తెల్లమచ్చ తెగులు తగిలింది. సైజు రాకముందే పట్టుబడి చేసి, దొరికిన ధరకు వదిలించుకున్నాను. వాడికి 30 కౌంటు, అంటే కిలోకు ముప్పై తూగే పెద్ద రొయ్యలు వచ్చాయి. ఇప్పుడు మేడ కట్టాడు.

అప్పటి నుంచి గట్టు మీద వాడు ఎదురైతే ఏరేటర్ చూస్తున్నట్టు తల తిప్పుకుంటున్నాను. గృహప్రవేశానికి జ్వరమని చెప్పి మా ఆవిడను ఒక్కదాన్నే పంపాను. వాడేమో, తాను వదిలిన నీళ్ల వల్లే నా చెరువు పోయిందని నేను అనుమానిస్తున్నానేమోనని మా తమ్ముడి దగ్గర బాధపడ్డాడట. చేయని తప్పు వాడు మోస్తున్నాడు. అందుకే చెప్పక తప్పదు.

‘నీ మీద కోపం లేదు, ఓర్వలేకపోయాను’ అని మొదలుపెడదామనుకుంటున్నాను. కానీ అప్పు కోసం దారి వేసుకుంటున్నానని అనుకుంటాడేమో! లేదా ఇకపై తన లాభం మాటే నా దగ్గర ఎత్తడేమో. అది ఇంకా నరకం.

గృహప్రవేశం అబద్ధం కూడా చెప్పేయాలా? స్నేహితుడి నోట ఇలాంటి మాట విన్నవారు ఎవరైనా ఉంటే, మీకు ఏ మాట గుచ్చుకుందో, ఏది ఊరటనిచ్చిందో చెప్పండి.