‘చూసి’ అని రాస్తే దేన్ని చూసినట్టు?

నర్సింగ్ ట్యూటర్, తిరుపతి:
అందరికీ నమస్కారం. మా స్కిల్ ల్యాబులో మొదటి సంవత్సరం పిల్లలకి మందులు ఇవ్వడం నేర్పిస్తాం. చాలామంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు కాబట్టి లక్ష్యాలను తెలుగులో రాసి గోడకి అంటిద్దామనుకున్నాను. ‘తెలుసుకుంటారు’, ‘అవగాహన పొందుతారు’ లాంటివి ముందే కొట్టేశాను. అవగాహన నా కంటికి కనపడదు, చేతులు చేసే పని కనపడుతుంది. కానీ ఈ వాక్యం దగ్గర ఆగిపోయాను:

‘విద్యార్థి ఇన్సులిన్ సీసాను, సిరంజిని చూసి, 20 యూనిట్లు తీసి, ఇస్తారు.’

పోయిన వారం ఒక అమ్మాయి సీసా చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. ‘చూసి’ దగ్గర టిక్కు పెట్టాను. సీసా మీద ఎం.ఎల్.కి 40 యూనిట్లు అని ఉంది. ఆమె తీసుకున్నది నారింజ మూత సిరంజి, 100 యూనిట్ల బలానికి గీతలు కొట్టినది. అందులో 20 గీత దాకా లాగితే వచ్చేది 0.2 ఎం.ఎల్. అంటే ఆ సీసా మందులో 8 యూనిట్లే. సీసాలో నీళ్లు, మంచం మీద బొమ్మ కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. నా కాగితం ప్రకారం మాత్రం ఆమె పాస్. ‘చూసి’ బదులు ఏం రాయాలి?

పుత్తూరు సభ్యుడు:
మేడమ్, మా వైపు మందు అంటే పొలానికి కొట్టేది కూడా. ‘ఔషధ ప్రయోగం’ అంటే గౌరవంగా ఉంటుంది.

ట్యూటర్:
పేరు సంగతి తర్వాత చూద్దాం సార్. నా ఇబ్బంది క్రియతో.

డి.ఎడ్. లెక్చరర్, చిత్తూరు:
కంటికి కనిపించే క్రియ కావాలంటే ‘ప్రదర్శిస్తారు’ వాడండి. మా పాఠ్య ప్రణాళికల్లో అదే రాస్తాం.

రిటైర్డ్ తెలుగు పండితుడు, చంద్రగిరి:
లెక్చరర్ గారు కనిపించాలన్నది నిజమే. కానీ ‘నైపుణ్యాన్ని ప్రదర్శిస్తారు’ అంటే ఏ పని చేశారో మళ్లీ తెలియదు. అమ్మా, మీకు కావలసిన మాట ‘సరిచూస్తారు’. చూడడానికి ఒక్క వస్తువు చాలు. సరిచూడడానికి రెండు కావాలి, ‘దేంతో?’ అని ఆ మాటే అడుగుతుంది. ఇంకోటి గమనించండి. చూసి, తీసి, ఇస్తారు అన్నప్పుడు సమాపక క్రియ ఒక్కటే, పనులు మూడు. తెలుగులో ఈ గొలుసు వినసొంపుగా ఉంటుంది గానీ, మధ్యలో ఒకటి తప్పితే మార్కు ఎక్కడ కోస్తారు?

శ్రీకాళహస్తి సభ్యురాలు:
మా అమ్మకి ఇన్సులిన్ నేనే వేస్తాను అక్కా. ఒకసారి షాపులో ఎర్ర మూత సిరంజి లేదని నారింజది ఇచ్చారు. మూడు రోజులు షుగర్ దిగలేదు, ఒకటే టెన్షన్. ఎర్ర మూత చూసుకోమని చెప్తే సరిపోదా?

ట్యూటర్:
ఎర్ర మూత సిరంజికి గీతలు 40 బలానికి కొట్టి ఉంటాయి. మీ ఇంట్లో ఉన్నది 40 బలం సీసా కాబట్టి అది సరిపోయిందమ్మా. 100 బలం సీసా వచ్చిన రోజు అదే ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా తీస్తే 0.5 ఎం.ఎల్. వస్తుంది, అంటే 50 యూనిట్లు. షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. పైగా మందు లాగేటప్పటికి మూత తీసి పక్కన పెట్టేసి ఉంటాం. అందుకే రంగు కాదు, అంకెతో అంకె కలవాలి.

మాస్టారూ, మీరు చెప్పినట్టు గొలుసు తెంచి రాశాను:

‘ఆర్డర్ కాగితం, ఇన్సులిన్ సీసా, రెండు రకాల సిరంజిలు ట్రేలో ఉన్నప్పుడు, విద్యార్థి సీసా మీది బలాన్ని సిరంజి మీది అంకెతో సరిచూస్తారు, రెండు అంకెలూ పైకి చెప్తారు.’
‘ఆ సిరంజిలోకి సరిగ్గా 20 యూనిట్లు, గాలి బుడగ లేకుండా, తీస్తారు.’

ఇవ్వడం వేరే లక్ష్యంగా పెట్టాను. దానికి చర్మం కింద సూది దించే కోణం, చోటు, రాసుకోవడం ఉన్నాయి.

స్టాఫ్ నర్స్, తిరుపతి:
మేడమ్, వార్డులో ఎవరూ పైకి చెప్పరు. మౌనంగా సరిగ్గా సరిచూసిన పిల్లని ఫెయిల్ చేస్తారా? చదివి వినిపించినా మనసు పెట్టనివాళ్లూ ఉంటారు. ట్రేలో కలవని సిరంజి ఒక్కటే పెట్టండి. ‘కలవని సిరంజిని పక్కన పెట్టి, సరైనది అడుగుతారు’ అని రాయండి. సరిచూశారో లేదో అక్కడ తేలిపోతుంది.

ట్యూటర్:
ఇది బాగుందండీ. కానీ ప్రతి ట్రేలోనూ తప్పు ఉంటుందని రెండో రోజుకే పిల్లలకి తెలిసిపోతుంది, చూడకుండానే ‘వేరేది ఇవ్వండి’ అంటారు. కొన్ని ట్రేల్లో సరైనదే ఉండాలి. అప్పుడు పక్కన పెట్టకపోవడమే సరైన పని. చేయని పనికి ఏ క్రియ రాయాలి మాస్టారూ?

పండితుడు:
‘అట్టిపెట్టుకుంటారు’ అనవచ్చు. అయితే చూడకుండా అట్టిపెట్టుకున్నవాళ్లకీ అదే మాట వర్తిస్తుంది. దీని మీద నన్ను రేపటిదాకా ఆలోచించనివ్వండి.