ఆక్షన్ ఇన్‌సైట్స్‌లో ఓవర్‌ల్యాప్ పెరిగింది: పోటీదారు బిడ్ పెంచాడా, మా బడ్జెటే చాలట్లేదా?

గూగుల్ యాడ్స్‌లో ఒక సెర్చ్ క్యాంపెయిన్ ఆక్షన్ ఇన్‌సైట్స్‌ని వారాలవారీగా చూస్తున్నాను. ఆరు వారాల్లో ఒక పోటీదారుతో ఓవర్‌ల్యాప్ రేట్ 40% నుంచి 60%కి ఎక్కింది. మా అవుట్‌ర్యాంకింగ్ షేర్ 52 నుంచి 33కి పడింది. వాళ్లు బిడ్ పెంచేశారని మా టీమ్ తేల్చేసింది.

నాకు నమ్మకం కుదరట్లేదు. వాళ్ల ఇంప్రెషన్ షేర్ 36 దగ్గరే ఉంది, పొజిషన్ అబవ్ రేట్ కూడా 45 నుంచి కదల్లేదు. పడింది మా ఇంప్రెషన్ షేరే, 64 నుంచి 45కి. బడ్జెట్ వల్ల పోయిన షేర్ సరిగ్గా అంతే పెరిగింది. మధ్యాహ్నానికే డబ్బులు అయిపోతున్నాయి.

ఓవర్‌ల్యాప్‌ని మా యాడ్ కనిపించిన వేలాల్లోనే లెక్కిస్తారు. అవుట్‌ర్యాంకింగ్‌కి మాత్రం మేం పాల్గొన్న వేలాలన్నీ లెక్కలోకొస్తాయి కదా, అంటే మేం కనిపించకపోతే అదీ పడిపోవాల్సిందే. పోటీదారు ఎక్కువగా పొద్దున్నే కనిపిస్తూ, మేం ఇప్పుడు పొద్దుటికే పరిమితమైతే ఈ అంకెలన్నీ కుదురుతాయి.

బడ్జెట్ పెంచకుండా దీన్ని తేల్చుకునే దారి ఉందా? యాడ్ షెడ్యూల్‌తో పొద్దున, సాయంత్రం రెండు క్యాంపెయిన్లుగా విడగొట్టి పోల్చినవాళ్లెవరైనా ఉన్నారా?