60 లక్షలు, నాలుగు పనులు: పీఐ లెక్కలో డ్రయర్ ఎందుకు వెనకపడింది?

వడ్ల బస్తా
మాది మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు. ఈ ఏడాది మిల్లు మీద పెట్టడానికి 60 లక్షలున్నాయి, అంతకు మించి నాన్న ఒప్పుకోరు. నాలుగు పనులు అనుకున్నాం: రంగు మారిన గింజలను ఏరేసే సార్టెక్స్ మెషిన్ 36 లక్షలు, పైకప్పు మీద సోలార్ 30, ఇంకో డ్రయర్ 30, వేబ్రిడ్జి 12. మా లెక్కలు చూసే ఆయన 12 శాతం లెక్కన పీఐ, అంటే పెట్టిన రూపాయికి నేటి విలువలో ఎంత తిరిగి వస్తుందో, తీసిచ్చారు. సార్టెక్స్ 1.41, సోలార్ 1.36, వేబ్రిడ్జి 1.25, డ్రయర్ 1.12. పై నుంచి వరసగా తీసుకుంటూ రమ్మన్నారు. సార్టెక్స్ తీసుకుంటే 24 మిగులుతుంది. అది సోలార్‌కు చాలదు కాబట్టి వేబ్రిడ్జి. ఇంకా 12 చేతిలో ఉంటాయి. డ్రయర్ ఊసే లేదు. కానీ వానాకాలం కోతలప్పుడు పచ్చి వడ్ల ట్రాక్టర్లు మా గేటు బయట లైను కడతాయి. ఉన్న డ్రయర్ చాలక సగం వెనక్కి పంపేస్తున్నాం. ఈ లెక్కలో ఏదో తేడా ఉందనిపిస్తోంది.

తెనాలి స్వీట్స్
సార్టెక్స్ 1.41 అంటే ఏడాదికి నూటికి 41 వస్తున్నట్టే కదా! ఇంకేం ఆలోచిస్తారు, కొనేయండి. మా కొట్లో కోవా మిషన్ పెట్టినప్పుడు నాకు ఏడాదికి పాతిక శాతం కూడా రాలేదు.

పాత లెడ్జర్
తెనాలి గారూ, అది ఏడాది లాభం కాదు. ఆ మెషిన్ పదేళ్లలో తెచ్చే డబ్బునంతా నేటి విలువలోకి మార్చి, పెట్టిన 36తో భాగిస్తే 1.41. ఏడాదికి 9 లక్షలు మిగిలితే 12 శాతం దగ్గర పదేళ్లకు నేటి విలువ 50.85 లక్షలు. అందులో 36 పోతే మిగిలేది 14.85, దీన్నే ఎన్‌పీవీ అంటారు. ఆ 12 శాతం కూడా ఇచ్చేశాక మిగిలింది ఇది. మీ పాతిక శాతంతో దీన్ని పోల్చడానికి లేదు.

వడ్ల బస్తా, డ్రయర్ 1.12 ఎలా వచ్చిందో కాగితంలో చూసి చెప్పమ్మా. ఏడాది రాబడి ఎంత, నడిపే ఖర్చు ఎంత, దేన్ని దేనితో భాగించారు?

వడ్ల బస్తా
రాబడి ఏడాదికి 16 లక్షలు సార్. ఊక, కరెంటు, హమాలీ, మెయింటెనెన్స్ కలిపి 9. పదేళ్లకు రాబడి నేటి విలువ 90.4. కింద 30, దానికి పదేళ్ల ఖర్చు నేటి విలువ 50.85 కలిపి 80.85. 90.4 బై 80.85.

పాత లెడ్జర్
తేడా అక్కడే ఉంది. నడిపే ఖర్చును కింద వేశారు. ఎన్‌పీవీ అయితే ఖర్చును ఎటు వేసినా ఒకటే వస్తుంది, 9.55 లక్షలు. పీఐ అలా కాదు, అది భాగహారం. కింద ఏది పెడితే దానిమీద ఆధారపడి మారిపోతుంది.

కింద ఏం పెట్టాలో తేల్చుకోవడానికి ఒక ప్రశ్న చాలు: ఏ డబ్బు కొరతగా ఉంది? మీకు కొరత ఈ ఏడాది పెట్టే 60 లక్షలు. ఊక ఖర్చు ఆ 60లోంచి రాదు, డ్రయర్ సంపాదన లోంచే వస్తుంది. కాబట్టి ఏడాదికి నికరంగా 7 లక్షలు పైన, 30 లక్షలు కింద. ఎక్సెల్‌లో ఇలా వేసి చూడండి:

```
=PV(12%,10,-7)/30
```

1.32 వస్తుంది. మీ వేబ్రిడ్జికి నడిపే ఖర్చు పెద్దగా లేదు కాబట్టి దాని నంబరు దెబ్బతినలేదు. ఖర్చు ఎక్కువుండే పనులే ఈ పద్ధతిలో అన్యాయంగా కిందికి పోతాయి. అన్నీ ఒకే తీరులో మళ్లీ వేసి చూడండి.

గుంటూరు కోల్డ్
అయితే ఇప్పుడు వరస సార్టెక్స్, సోలార్, డ్రయర్, వేబ్రిడ్జి. మళ్లీ మొదటిది సార్టెక్సే కదా. డబ్బు తక్కువున్నప్పుడు పీఐ వరసలో పోతే తప్పు జరగదు, మా కోల్డ్ స్టోరేజీలో ఎప్పుడూ అలాగే చేస్తాం.

వడ్ల బస్తా
మిగతావాటికి ఖర్చు పైనే తీసేశారు, చూశాను. డ్రయర్‌కే కింద వేశారు. సరిచేసినా అదే ఇబ్బంది. సార్టెక్స్ తీసుకోగానే సోలార్ పట్టదు, డ్రయర్ పట్టదు.

పాత లెడ్జర్
గుంటూరు గారి మాట సగం నిజం. ఒక్కో పనిని కావలసినంత ముక్క కోసి తీసుకోగలిగితే ఆ వరస తప్పదు. సార్టెక్స్‌లో మూడోవంతు కొనలేం కదా. మెషిన్లు మొత్తంగానే వస్తాయి, డబ్బు మధ్యలో మిగిలిపోతుంది.

అందుకే కలిపి చూడాలి. సార్టెక్స్, వేబ్రిడ్జి తీసుకుంటే 48 ఖర్చు, ఎన్‌పీవీ 14.85 ప్లస్ 2.97, అంటే 17.82. సోలార్ 15 ఏళ్లకు ఏడాదికి 6 లక్షలు ఆదా అని వేసుంటారు, దాని ఎన్‌పీవీ 10.87. దానికి డ్రయర్ 9.55 కలిపితే 20.42. ఖర్చు సరిగ్గా 60. పీఐలో రెండో, మూడో స్థానాల్లో ఉన్నవి కలిసి, మొదటిదాని జోడీని 2.6 లక్షలు దాటేశాయి. నాలుగు పనులే కాబట్టి తీసుకోవడం, వదిలేయడం కలిపి 16 కలయికలు. ఒక కాగితం మీద రాసి, 60 దాటినవి కొట్టేసి, మిగతావాటిలో ఎన్‌పీవీ ఎక్కువున్నది తీసుకోండి. పాతిక పనులుంటే అప్పుడు ఎక్సెల్‌లోని సాల్వర్‌తో వెతికించాలి.

గుంటూరు కోల్డ్
ఒప్పుకుంటాను. కానీ ఆ మిగిలిన 12 లక్షలకు మీరు సున్నా వేశారు. మిల్లు వాళ్ల దగ్గర సీజన్లో డబ్బు ఊరికే ఉండదు సార్. నగదు చేతిలో ఉంటే రైతు దగ్గర వడ్లు ఒక మాట తగ్గించి కొంటారు, బ్యాంకు సీసీ అప్పు మీద వడ్డీ తప్పుతుంది.

పాత లెడ్జర్
మంచి మాట. సీసీ వడ్డీ 12 చుట్టుపక్కలే ఉంటే ఆ డబ్బు ఎన్‌పీవీ సున్నా దగ్గరే ఉంటుంది. వడ్ల బేరంలో అంతకు మించి మిగులుతుందంటే, ఆ మిగులు నేటి విలువలో 2.6 లక్షలు దాటాలి. దాటుతుందా లేదా అన్నది మిల్లు వాళ్లకే తెలుస్తుంది, నేను చెప్పలేను.

వడ్ల బస్తా
నాన్నకు చూపించాను. నలుపు గింజ ఉందని బియ్యం లోడ్లు వెనక్కి వస్తున్నాయి, సార్టెక్స్ తప్పదు అంటున్నారు. డ్రయర్ 16 లక్షల రాబడి కోతలప్పుడు వాన పడితేనే అని కూడా అన్నారు. ఎండ బాగా కాసిన ఏడు రైతులు కల్లంలోనే 17 శాతం తేమకు దింపేసి కొనుగోలు కేంద్రానికి పోతారు. అది నిజమే, నేను ఆ కోణంలో ఆలోచించలేదు.

పాత లెడ్జర్
అయితే రాబడి తగ్గించి వేయండి. నికరం ఏడాదికి 6.5కి దిగితే డ్రయర్ ఎన్‌పీవీ 6.73 అవుతుంది, సోలార్‌తో కలిపి 17.6. అంటే సార్టెక్స్, వేబ్రిడ్జి జోడీ కంటే కొంచెం కిందికి వస్తుంది. ఏడాదికి అర లక్ష తేడాతో నిర్ణయం తిరగబడుతోంది. కాబట్టి గత నాలుగైదు సీజన్లలో ఎన్ని ట్రాక్టర్లు వెనక్కి పంపారో గేటు పుస్తకం తీసి లెక్కపెట్టండి.

ఇంకొకటి. సార్టెక్స్, సోలార్ రెండూ కలిపితే 66. ఎన్‌పీవీ 25.72. కేవలం 6 లక్షలు ఎక్కువ దొరికితే 20.42 నుంచి 5.3 లక్షలు పైకి పోతుంది. ఆ 6 లక్షలకు 15, 16 శాతం వడ్డీ పడ్డా గిట్టుబాటే. 60 అన్నది బ్యాంకు గీత కాదు, మీ నాన్నగారి గీత. సోలార్ వాళ్లు 6 లక్షలు వచ్చే ఏడాది తీసుకుంటారేమో అడిగి చూడండి.

తెనాలి స్వీట్స్
అప్పు లేకుండా, సప్లయర్ వాయిదా మీదా? నాకు కోవా మిషన్ వాళ్లు అలా ఒప్పుకున్నారు గానీ రేటు పెంచారు.

వడ్ల బస్తా
రేటు పెంచితే ఎంత దాకా ఒప్పుకోవచ్చు సార్, 5 లక్షల దాకానా?

పాత లెడ్జర్
అక్కడిదాకా వెళ్తే లాభమంతా వాళ్లకే పోతుంది. లక్ష దాకా అయితే ఆలోచించండి. ముందు గేటు పుస్తకం సంగతి చూడండి.

వడ్ల బస్తా
గేటు పుస్తకంలో రెండు వానాకాలాలే ఉన్నాయి. వెనక్కి పంపినవి అసలు రాయనే లేదు. హమాలీ మేస్త్రీని అడిగి వచ్చి చెప్తాను.