వాహన బీమాలో పూర్తి నష్టం అని తేల్చిన తరువాత, దెబ్బతిన్న బండికి మిగిలిన విలువను, అంటే శాల్వేజ్ విలువను, యజమానికి ఇచ్చే సొమ్ము నుంచి తీసివేయవచ్చా?

మూడోగేరు: ప్రమాదంలో నా కారు బాగా దెబ్బతిన్నది. పాలసీలో దాని విలువ 8 లక్షలు. మరమ్మతు అంచనా 6.6 లక్షలు రావడంతో సర్వేయర్ టోటల్ లాస్ అన్నారు. ఇప్పుడు బీమా కంపెనీ వారు శాల్వేజ్ కింద 3.5 లక్షలు, పాలసీ ప్రకారం నేను భరించవలసిన మినహాయింపు కింద 10 వేలు తీసివేసి 4.4 లక్షలే ఇస్తామంటున్నారు. పూర్తి నష్టమైనప్పుడు ఈ కోత ఎందుకు?

నిలువుటద్దం: ఈ కోతకు ఆధారమే లేదని నా అభిప్రాయం. భారతదేశంలోని ప్రామాణిక పాలసీలో మరమ్మతు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో రాసిన బండి విలువలో, 75 శాతం దాటితే పూర్తి నష్టంగా పరిగణించాలని స్పష్టంగా ఉన్నది. మీ అంచనా 82.5 శాతం కాబట్టి మినహాయింపు 10 వేలు పోగా 7.9 లక్షలు మీకు రావాలి. దొంగతనమైతే పూర్తి మొత్తం ఇచ్చేవారు, ప్రమాదమైతే కోసివేయడం ఏ న్యాయం?

పాతసర్వేయరు: 75 శాతం నియమం గురించి నిలువుటద్దం గారు చెప్పినది సరైనదే. అయితే ఆ నియమం ఏ దారిలో పరిష్కరించాలో మాత్రమే చెబుతుంది, చెక్కు మీద ఎంత రాయాలో చెప్పదు. అది తేలాలంటే ముందుగా శిథిలమైన బండి ఎవరి దగ్గర మిగులుతుందో అడగాలి. కంపెనీ తీసుకుంటే మీకు 7.9 లక్షలు ఇచ్చి, దానిని అమ్ముకొని కొంత రాబట్టుకుంటుంది. మీరే ఉంచుకుంటే బండి విలువలో కొంత ఇప్పటికే మీ చేతిలో ఉన్నట్లు కనుక ఆ మేరకు తగ్గిస్తుంది. దొంగతనంలో బండే దొరకదు కాబట్టి తీసివేయడానికి ఏమీ ఉండదు. తేడా అంతకుమించి లేదు.

సూత్రం న్యాయమైనదే, అంకె న్యాయమైనదా అన్నదే చూడవలసిన విషయం. 3.5 లక్షలకు నిజంగా కొనేవాడు ఉంటే కంపెనీకి రెండు దారులూ ఒకటే: 7.9 ఇచ్చి 3.5 రాబట్టుకున్నా 4.4 లక్షలే ఖర్చు, మీకు నేరుగా 4.4 ఇచ్చినా అంతే. అందువల్ల “బండి మీరే తీసుకొని 7.9 ఇవ్వండి” అని రాతపూర్వకంగా అడగండి. వెంటనే ఒప్పుకుంటే ఆ అంకె గట్టిదే. తప్పించుకుంటే, ఆ ధరకు కొనేవాడు వారికి కూడా దొరకడం లేదని అనుమానించవచ్చు. మీరు బయట అమ్మితే 2 లక్షలే వచ్చిందనుకోండి, మొత్తం 6.4 లక్షలు అవుతుంది. మిగిలిన 1.5 లక్షలు అంచనా తప్పిన పాపానికి మీరు మోసినట్లే.

గాలిపటం: నా బండి దొంగతనానికి గురైంది. బండి దొరకలేదని పోలీసులు తుది నివేదిక ఇచ్చిన తరువాత కంపెనీ పూర్తి సొమ్ము చెల్లించింది. కొన్ని నెలల తరువాత బండి సగం విప్పిన స్థితిలో దొరికినట్లు ఫోన్ వచ్చింది. అంటే నేను కూడా ఇప్పుడు శాల్వేజ్ విలువను తిరిగి కట్టాలా?

పాతసర్వేయరు: కట్టనక్కరలేదు, కానీ బండి కూడా మీది కాదు. సొమ్ము తీసుకునేటప్పుడు మీరు సంతకం చేసిన పత్రాలలో హక్కుల బదిలీ పత్రం ఉండి ఉంటుంది. ఇప్పుడు దొరికిన బండి కంపెనీది, దానిని అమ్ముకున్నా, అమ్ముకోలేకపోయినా ఆ భారం వారిదే. కావాలంటే వారి నుంచి కొనుక్కోవచ్చు. మీరు చేయవలసిందల్లా సమాచారం దాచకుండా వారికి తెలియజేయడమే. చెల్లింపుకు ముందే దొరికి ఉంటే కథ వేరు, అప్పుడు అది దొంగతనం క్లెయిము కాకుండా దెబ్బతిన్న బండి క్లెయిముగా మారి, మరమ్మతు, శాల్వేజ్ లెక్కలు మళ్ళీ మొదలయ్యేవి.

నిలువుటద్దం: బండి మీరు తీసుకోండి అని అడగగానే తీసుకుంటారా? మరమ్మతు చేయించడమా, సొమ్ము ఇవ్వడమా అని ఎంచుకునే అధికారం కంపెనీదేనని పాలసీలోనే ఉన్నది.

పాతసర్వేయరు: ఆ అధికారం ఉన్నమాట నిజమే. అయితే యజమానికి ఇష్టం లేకపోయినా, తాము వేసిన ధరకు శిథిలాన్ని అంటగట్టే అధికారం అందులో ఉన్నదా అన్నది వేరే విషయం. నేను లేదంటాను, నా తోటి సర్వేయర్లు కొందరు ఉందంటారు.

సున్నాకోడు: శాల్వేజ్ అంకె ఇంకొక చోట కూడా పని చేస్తుందని గమనించాలి. అమెరికాలో కొన్ని రాష్ట్రాలలో నిర్ణీత శాతం బదులు, మరమ్మతు ఖర్చుకు శాల్వేజ్ విలువను కలిపి, ఆ మొత్తం ప్రమాదానికి ముందున్న విలువను దాటితే పూర్తి నష్టం అంటారు. 8 లక్షల బండికి మరమ్మతు 5.5, శాల్వేజ్ 3 అయితే మొత్తం 8.5 కనుక అక్కడ అది పూర్తి నష్టం. 75 శాతం నియమం ప్రకారం మాత్రం 5.5 అంటే 68.75 శాతమే కాబట్టి మరమ్మతు చేయవలసిన బండి. తుక్కుకు గిరాకీ పెరిగితే బాగుచేయదగిన బండి కూడా పూర్తి నష్టం కిందికి జారిపోతుందన్నమాట.

పాతసర్వేయరు: చక్కగా చెప్పారు. శాతం నియమం ఉన్నచోట కూడా మరమ్మతు కంటే శాల్వేజ్ పోను ఇచ్చే సొమ్ము తక్కువైతే ఆ దారినే కంపెనీలు సూచిస్తాయి. మరమ్మతు అంచనా కూడా నమ్మదగిన అంకె కాదు, విడిభాగాలు విప్పిన తరువాత లోపలి దెబ్బలు బయటపడి అది పెరుగుతుంది. పైగా ఆ 75 శాతాన్ని గ్యారేజీ అంచనా మీద లెక్కించాలా, పాత భాగాలకు తరుగుదల తీసివేసిన తరువాత కంపెనీ భరించే మొత్తం మీద లెక్కించాలా అన్నది ఎడతెగని తగాదా. మూడోగేరు గారి 6.6 లక్షలు తరుగుదల తరువాత 5.7 అయితే 71.25 శాతమే అవుతుంది, అప్పుడు టోటల్ లాసే కాదనవచ్చు.

నిలువుటద్దం: మరమ్మతు ఖర్చు అంటే యజమాని నిజంగా చెల్లించే బిల్లే. తరుగుదల తీసివేసిన అంకెను ఖర్చు అనడం నాకు సమ్మతం కాదు.

పాతసర్వేయరు: పాలసీలో “షరతులకు లోబడి” అన్న మాట కూడా ఉన్నది, తరుగుదల ఆ షరతులలోనిదే. మీ వాదనకు బలం లేదనను, కానీ ఆ మాటను దాటలేము.

మూడోగేరు: మీరు చెప్పినట్లు రాతపూర్వకంగా అడిగాను. కొనుగోలుదారు ఇచ్చిన ధర పత్రం నకలు పంపారు. అందులో 3.5 లక్షలు “రిజిస్ట్రేషన్ పత్రాలతో సహా” అని ఉన్నది. నన్ను మాత్రం రిజిస్ట్రేషన్ రద్దు చేయించి రమ్మంటున్నారు.

పాతసర్వేయరు: మెలిక అక్కడే ఉన్నది. పత్రాలున్న శిథిలానికి ఎక్కువ ధర వస్తుంది, ఎందుకంటే దానిని బాగుచేసి మళ్ళీ రోడ్డెక్కించవచ్చు. దొంగిలించిన బండికి ఆ పత్రాలను తగిలించే దొంగలు కూడా ఉన్నారు కాబట్టే రద్దు చేయించమంటారు. రద్దయిన తరువాత అది విడిభాగాల ధరకే పోతుంది. పత్రాలతో ధర వేసి, పత్రాలు లేని బండిని మీకు వదలడం కుదరదు. రద్దయిన స్థితికి కొత్త ధర తెప్పించి దానినే తగ్గించమని రాయండి, లేదా పత్రాలతో సహా బండిని వారినే తీసుకోమనండి. ధర పత్రం గడువు కూడా చూడండి, గడువు దాటితే కొనేవాడు ఆ ధరకు కట్టుబడడు.

నిలువుటద్దం: కొత్త ధర అడిగితే ఇంకో నెల సాగదీస్తారు. ఆవరణలో నిలిపినందుకు గ్యారేజీ అద్దె ఎవరు కడతారు?

మూడోగేరు: ఆ అద్దె రోజూ పెరుగుతున్నది. ఇప్పటివరకు నన్నే కట్టమన్నారు. కొత్త ధర కోసం ఈ రోజే ఉత్తరం రాస్తున్నాను, అద్దె సంగతిని కూడా అందులోనే చేరుస్తాను.